కౌలు కాగితం మీద సంతకం పెడితే భూమి పోతుందా? పన్నెండేళ్ల స్వాధీనం వెనుక అసలు లెక్క

ప్రతి ఖరీఫ్ ముందు మా గ్రామాల్లో ఒకే గొడవ. కౌలు రైతు సాగుదారు కార్డు కోసం ఫారం పట్టుకుని యజమాని ఇంటికి వెళతాడు. యజమాని నోటిమాటగా పొలం దున్నుకోమంటాడు, సంతకం మాత్రం పెట్టనంటాడు. కారణం అడిగితే, "పన్నెండేళ్లు ఒకరి చేతిలో ఉంటే పొలం వాళ్లదైపోతుందట. సుప్రీంకోర్టే చెప్పిందట. నా చేతులతో నేనే కాగితం రాసివ్వాలా?" అంటాడు. ఈ మాట ఫోన్లలో తిరిగే మెసేజీల నుంచి వచ్చింది.

సంతకం లేకపోతే కార్డు రాదు. కార్డు లేకపోతే కౌలు రైతుకు బ్యాంకులో పంట రుణం అందడం కష్టం. తుపానుకు పంట పోతే పరిహారం పట్టాదారు ఖాతాకు వెళుతుంది కానీ, నష్టపోయిన వాడికి చేరదు. ఇది ఏటా చూస్తున్నదే. ఇంత నష్టానికి మూలమైన ఆ భయం అసలు నిజమేనా?

పన్నెండేళ్ల మాట చట్టంలో ఉంది. అయితే అది యజమాని అనుమతితో సాగు చేస్తున్నవాడికి వర్తించదు. అనుమతి ఇచ్చినట్టు కాగితం ఉంటే యజమాని భూమికి అదే కంచె. కాగితం లేకపోవడమే యజమానికి అసలు ప్రమాదం. ఎందుకో వివరంగా చూద్దాం.

చట్టం ఏం చెబుతోంది?

దీనిని ప్రతికూల స్వాధీనం అంటారు. కోర్టుల్లో అడ్వర్స్ పొసెషన్ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. దీనికి ఆధారం 1963 నాటి కాలపరిమితి చట్టం, అంటే లిమిటేషన్ చట్టం. భూమి హక్కుదారు తన భూమిని ఇతరుల నుంచి తిరిగి తీసుకోవడానికి ఎంతకాలం లోపు దావా వేయాలో ఈ చట్టం షెడ్యూలులోని 65వ ఆర్టికల్ చెబుతుంది. ప్రైవేటు భూమికి ఆ గడువు 12 సంవత్సరాలు. ప్రభుత్వం దావా వేయాల్సిన భూమికి 112వ ఆర్టికల్ ప్రకారం 30 సంవత్సరాలు. గడువు దాటిపోతే అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం యజమాని హక్కు కూడా అంతరించిపోతుంది. భయానికి మూలం ఇక్కడే ఉంది.

అయితే ఆ 12 సంవత్సరాలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? అవతలి వాడు పొలంలో కాలు పెట్టిన రోజు నుంచి కాదు. అతని స్వాధీనం యజమానికి ప్రతికూలంగా మారిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని 65వ ఆర్టికల్ స్పష్టంగా చెబుతోంది. మెసేజీలు వదిలేసేది సరిగ్గా ఈ మాటనే.

ప్రతికూలం అంటే యజమాని హక్కును కాదని, "ఇది నాది, నీకు సంబంధం లేదు" అన్న భావంతో, అందరికీ కనిపించేలా, యజమానికి తెలిసేలా పొలాన్ని పట్టుకుని ఉండటం. ప్రతికూల స్వాధీనం కోరేవాడు ఏమేమి చెప్పి రుజువు చేయాలో సుప్రీంకోర్టు 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో వివరించింది. ఏ తేదీన స్వాధీనంలోకి వచ్చాడు, ఏ విధంగా వచ్చాడు, ఆ సంగతి అవతలి పక్షానికి తెలుసా, ఎంతకాలం సాగింది, అది బహిరంగంగా, ఆటంకం లేకుండా సాగిందా అన్నవే ఆ ప్రశ్నలు. వీటన్నిటికీ రుజువు చూపే భారం స్వాధీనంలో ఉన్నవాడి మీదే ఉంటుంది. యజమాని తన హక్కు పత్రాలు చూపితే చాలు, గత పన్నెండేళ్లలో తానే సాగు చేశానని రుజువు చేయనక్కర్లేదు.

2019 తీర్పు కౌలుదారుకు కొత్త హక్కు ఇచ్చిందా?

ఫోన్లలో తిరిగే మెసేజీలు ఎక్కువగా 2019 ఆగస్టులో వచ్చిన రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసు తీర్పు చుట్టూ అల్లినవి. అంతకుముందు కొన్ని తీర్పుల ప్రకారం ప్రతికూల స్వాధీనాన్ని ప్రతివాది రక్షణగా మాత్రమే చెప్పుకోగలిగేవాడు. యజమాని దావా వేస్తే, "మీ గడువు దాటిపోయింది" అని జవాబు చెప్పడానికి అది పనికొచ్చేది. ఆ హక్కు కోసం తానే ముందుగా దావా వేయవచ్చా అన్న విషయంలో తీర్పులు భిన్నంగా ఉండేవి. వేయవచ్చని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2019లో తేల్చింది.

మారింది అంతే. ఎవరు దావా వేయవచ్చన్నది మారింది, ఏమి రుజువు చేయాలన్నది మారలేదు. పన్నెండేళ్లు మారలేదు. ప్రతికూలంగా ఉండాలన్న షరతూ మారలేదు. కౌలుదారుకు ఆ తీర్పుతో కొత్తగా వచ్చిందేమీ లేదు.

అసలు ఈ చట్టమే న్యాయంగా లేదని, దీన్ని మళ్లీ పరిశీలించాలని 2008లో హేమాజీ వాఘాజీ జాట్ కేసులో సుప్రీంకోర్టే కేంద్రానికి సూచించింది. ఆ తరువాత విషయం లా కమిషన్ ముందుకు వెళ్లింది. 2023లో ఇచ్చిన 280వ నివేదికలో చట్టాన్ని మార్చవలసిన అవసరం లేదని కమిషన్ అభిప్రాయపడింది. కాబట్టి 12 సంవత్సరాలు, 30 సంవత్సరాలు అన్న గడువులు అలాగే కొనసాగుతున్నాయి.

అనుమతి ఉంటే లెక్క ఎందుకు మొదలు కాదు?

మీ ఇంటి ముందు బంధువు మీ అనుమతితో బండి పెట్టుకున్నాడు అనుకోండి. ఇరవై ఏళ్లు పెట్టుకున్నా ఆ స్థలం అతనిది కాదు. ఎందుకంటే రోజూ బండి పెట్టేటప్పుడు అతను మీ హక్కును ఒప్పుకుంటూనే ఉన్నాడు. మీరు కూడా ఫిర్యాదు చేయవలసిన పరిస్థితి ఏమీ లేదు. కాలపరిమితి చట్టం శిక్షించేది తన హక్కు మీద దాడి జరుగుతున్నా ఊరుకున్న యజమానిని. దాడే లేనప్పుడు దావా వేయవలసిన అవసరం లేదు. దావా వేయవలసిన రోజు రానప్పుడు గడువు కూడా మొదలు కాదు.

కౌలు సరిగ్గా ఇలాంటిదే. కౌలుదారు ఇచ్చే ప్రతి బస్తా ధాన్యం, "ఈ పొలం మీది" అని చెప్పే రసీదు లాంటిది. కౌలుకు దిగినవాడు తాను దిగిన సమయానికి ఆ భూమి మీద యజమానికి హక్కు లేదని వాదించకూడదని సాక్ష్య చట్టం కూడా అడ్డుకుంటుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది 116వ సెక్షన్. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే 122వ సెక్షన్. కౌలు లేకుండా కేవలం అనుమతితో ఉన్నవాడికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఈ విషయాన్ని సుప్రీంకోర్టు 1994లో ఠాకూర్ కిషన్ సింగ్ కేసులో తేటతెల్లం చేసింది. అనుమతితో మొదలైన స్వాధీనం ఎంతకాలం సాగినా కేవలం కాలం గడిచిందన్న కారణంతో ప్రతికూలంగా మారదు. మారిందని చెప్పేవాడు యజమాని హక్కును బాహాటంగా కాదన్నానని, అది యజమానికి తెలుసునని గట్టి సాక్ష్యంతో రుజువు చేయాలి. పదేళ్లయినా ముప్ఫై ఏళ్లయినా సూత్రం ఇదే.

ఒక పొలం, నాలుగు తేదీలు

ఊళ్లలో తరచుగా కనిపించే పరిస్థితిని ఒక ఊహా ఉదాహరణగా చూద్దాం. రెండు ఎకరాల నలభై సెంట్ల మాగాణి. యజమాని పదవీ విరమణ చేసి పట్నం వెళుతూ 2005 జూన్‌లో పొరుగు రైతుకు నోటిమాటగా కౌలుకు ఇచ్చారు. ఎకరాకు పన్నెండు బస్తాలు కౌలు. 2011లో యజమాని చనిపోయారు. కొడుకులు హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో ఉండి 2012 నుంచి కౌలు అడగలేదు, కౌలుదారు ఇవ్వలేదు. 2016లో ఆ కౌలుదారు వయసు పైబడి సాగును కొడుక్కి అప్పగించాడు. 2021 జూన్‌లో ఆ కొడుకు పొలం తనదేనని, పట్టాదారుగా తన పేరు ఎక్కించమని తహసీల్దారుకు అర్జీ పెట్టాడు. దాని మీద యజమాని కొడుకులకు నోటీసు వెళ్లింది. 2024లో వారు పొలం అమ్మబోతే, "పందొమ్మిదేళ్లుగా మా చేతిలో ఉంది, పన్నెండు ఎప్పుడో దాటింది" అంటూ అడ్డుపడ్డాడు.

ఈ నాలుగు తేదీల్లో లెక్క ఎక్కడ మొదలవుతుందో చూద్దాం.

2005 జూన్ నుంచి అంటే కుదరదు. అప్పుడు దిగింది కౌలుకు, యజమాని అనుమతితో. ఆరేళ్లు కౌలు కొలిచాడు కూడా.

2012 నుంచి అంటే కూడా కష్టమే. కౌలు ఇవ్వకపోవడం బాకీ అవుతుంది కానీ, హక్కును కాదనడం అవదు. ఇవ్వని కౌలు వసూలుకు యజమాని వేరే దావా వేసుకోవచ్చు. కౌలు ఆగిపోయినంత మాత్రాన కౌలుదారు ఆక్రమణదారు కాడు. యజమాని చనిపోయినా కౌలుదారు స్థితి మారదు. తండ్రి హక్కు కొడుకులకు వచ్చింది, కౌలుదారు ఇప్పుడు వారి కింద ఉన్నాడు.

2016లో కొడుకు చేతికి వచ్చినప్పుడూ లెక్క మొదలు కాదు. తండ్రి ఏ హోదాలో పొలం అప్పగించాడో కొడుకు అదే హోదాలో తీసుకుంటాడు. అనుమతితో ఉన్నవాడి వారసుడు కూడా అనుమతితో ఉన్నవాడే.

2021 జూన్ సంగతి వేరు. ఇక్కడ మొదటిసారి పొలం మాదే అన్న మాట లిఖితంగా వచ్చింది, అది యజమాని కొడుకులకు చేరింది. ప్రతికూలంగా మారిందని చెప్పుకోగల తేదీ ఇదే. అప్పటి నుంచి లెక్కిస్తే పన్నెండేళ్లు నిండేది 2033 జూన్‌లో. 2024లో దావా వేస్తే గడువులోనే ఉన్నట్టు. పందొమ్మిదేళ్ల మాటలో ప్రతికూలమైన కాలం మూడేళ్లే.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది

పై లెక్క నిలబడాలంటే 2005లో పొలం కౌలుకే ఇచ్చారన్న సంగతి రుజువు కావాలి. మాట ఇచ్చిన పెద్దాయన లేరు. మాట తీసుకున్న వాడు ముసలివాడై ఉన్నాడు, లేదా అతనూ పోయాడు. అప్పుడు కొడుకు కథ మార్చి, "మా నాన్న కౌలుకు దిగలేదు. 2005లోనే తనదని చెప్పి పొలంలో దిగాడు, ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు" అంటే?

రుజువు భారం అతనిదే అయినా, ఇరవై ఏళ్ల సాగుకు ఊరంతా సాక్షి. యజమాని కొడుకుల దగ్గర అనుమతికి చిన్న చీటీ కూడా లేదు. కేసు ఏళ్ల తరబడి నలుగుతుంది. అప్పుడు వారు వెతికేవి ఇవి: అడంగల్‌లో లేదా పహాణీలో పట్టాదారుగా తండ్రి పేరు, సాగుదారు దగ్గర కౌలు అన్న రాత, బ్యాంకు ఖాతాలో ఏడాదికోసారి పడిన కౌలు సొమ్ము, ఈ-పంట నమోదులో కౌలుదారుగా నమోదైన వివరం, కౌలు ధాన్యం తోలిన మనిషి సాక్ష్యం. అడంగల్, పహాణీ రాతలు హక్కు పత్రాలు కావు. అయినా ఎవరు ఏ హోదాలో సాగు చేశారో చూపే సాక్ష్యంగా పనికొస్తాయి.

ఇప్పుడు అదే 2005లో ఒక పేజీ కౌలు కాగితం ఇద్దరి సంతకాలతో ఉందనుకోండి. కొడుకు కొత్త కథ ఆ రోజే ఆగిపోతుంది. సంతకానికి భయపడిన యజమాని నిజానికి పోగొట్టుకుంటున్నది ఈ రక్షణనే.

మరి భూమి నిజంగా పోయేది ఎప్పుడు?

అనుమతి లేని చోట పన్నెండేళ్ల లెక్క నిజంగానే నడుస్తుంది. పక్క రైతు గట్టు మీ వైపు జరిపి ఇరవై సెంట్లు కలుపుకుని, అది మీదేనని తెలిసి కూడా, తనదని చెప్పుకుంటూ 2010 నుంచి బహిరంగంగా సాగు చేస్తున్నాడు అనుకోండి. మీకు తెలుసు, గొడవ పడ్డారు, కోర్టుకు మాత్రం వెళ్లలేదు. 2022లో పన్నెండేళ్లు నిండాయి. అతను ఇదంతా రుజువు చేయగలిగితే మీ హక్కు అంతరించిపోయినట్టే. సరిహద్దు తెలియక, తన పొలమేనని పొరపాటుగా అనుకుని దున్నుకున్నవాడి సంగతి ఇంత తేలిక కాదు. అసలు యజమాని ఎవరో తెలిసి, అతని హక్కును కాదంటూ ఉంటేనే ప్రతికూల భావం ఉన్నట్టని కోర్టులు అంటున్నాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది. నోటీసు పంపితే, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే, పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెడితే గడువు ఆగిపోతుందని అనుకుంటారు. ఆగదు. అధికారి ఆక్రమణ తొలగించమని కాగితం మీద ఆదేశం ఇచ్చినా, భూమి చేతికి రానంతవరకు అవతలి వాడి స్వాధీనం కొనసాగుతున్నట్టేనని సుప్రీంకోర్టు 2001లో బాలకృష్ణన్ కేసులో చెప్పింది. లెక్కను ఆపే మార్గాలు మూడే. పన్నెండేళ్లలోపు సివిల్ కోర్టులో స్వాధీనం కోసం దావా వేయడం. లేదా భూమిని చట్టబద్ధంగా నిజంగా తిరిగి తీసుకోవడం. లేదా గడువు దాటకముందే అవతలి వాడు యజమాని హక్కును ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఇవ్వడం. అలా ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గడువు దాటిన తరువాత రాయించుకున్న కాగితం మాత్రం పోయిన హక్కును తిరిగి తేలేదు.

అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఉమ్మడి భూమి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఊళ్లో ఉన్న అన్న మొత్తం సాగు చేసుకుంటాడు, అత్తారింట ఉన్న చెల్లెలి వాటా కూడా అందులోనే ఉంటుంది. ఒక వాటాదారు స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్టేనని, మిగతావారి హక్కును వారికి తెలిసేలా కాదంటే తప్ప ప్రతికూలం కాదని 1956 నాటి పి. లక్ష్మీరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కేసు మన ఆంధ్ర నుంచే వెళ్లింది. అందుచేత అన్న ఇరవై ఏళ్లు దున్నాడన్నంత మాత్రాన చెల్లెలి వాటా పోదు. అయితే "నీకు వాటా లేదు" అని ఆయన ఒకసారి స్పష్టంగా చెబితే ఆ రోజును రాసిపెట్టుకోండి. అక్కడి నుంచి లెక్క మొదలైనట్టు ఎంచుకుని పన్నెండేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి.

కొనుగోలు అగ్రిమెంటు మీద సాగు చేస్తున్న రైతులకు

చిన్న రైతులు చాలామంది కొంత అడ్వాన్సు ఇచ్చి, అగ్రిమెంటు రాయించుకుని, పొలం స్వాధీనం తీసుకుని, రిజిస్ట్రేషన్ తరువాత చూద్దామని ఆగిపోతారు. పన్నెండేళ్లు దాటితే ఎలాగూ మనదే కదా అన్న ధీమా ఉంటుంది. ఈ ధీమా ప్రమాదం. అగ్రిమెంటు కింద స్వాధీనం తీసుకున్నవాడు అమ్మేవాడి హక్కును ఒప్పుకునే తీసుకున్నాడు, అంటే అనుమతితో ఉన్నాడు. కొన్న ఒప్పందాన్నీ ప్రతికూల స్వాధీనాన్నీ కలిపి వాదించడం కుదరదని 1995లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొత్తం సొమ్ము ఇచ్చేసి, అమ్మకం పూర్తయిందన్న భావంతో స్వాధీనం తీసుకున్న చోట కోర్టు వేరుగా చూడవచ్చు. కానీ దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయడానికి గడువు మూడేళ్లే. అగ్రిమెంటులో రాసిన తేదీ నుంచి, తేదీ రాయకపోతే అమ్మేవాడు చేయనని చెప్పినట్టు మీకు తెలిసిన రోజు నుంచి ఈ మూడేళ్లు లెక్కపెడతారు. పన్నెండు కోసం చూస్తూ మూడు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

కౌలు రైతు ఆలోచించవలసింది

యజమాని దూరంగా ఉన్నాడు, కౌలు అడగడం లేదు, పన్నెండేళ్లు దాటాయి, దావా వేస్తే పొలం వస్తుందని ఎవరైనా సలహా చెబితే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రతికూల స్వాధీనం కోరడమంటే ఆ భూమి అవతలి వారిదని ముందుగా కోర్టులో ఒప్పుకోవడమే. అది ఎప్పుడు, ఎలా ప్రతికూలంగా మారిందో చెప్పలేకపోతే మీ మాటే మీకు అడ్డం తిరుగుతుంది. కేసు పోతే పొలం, ఖర్చు రెండూ పోతాయి. ఆ ఊళ్లో మరో యజమాని మీకు కౌలుకు ఇవ్వడానికి ముందుకు రాడు. మీ ఒక్కరితోనూ ఆగదు, మిగతా కౌలు రైతుల ఫారాల మీద సంతకాలు కూడా ఆగిపోతాయి.

తెలంగాణ ప్రాంతంలో పాత కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారులుగా నమోదైన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారి హక్కు ఆ చట్టం నుంచి వచ్చింది, పన్నెండేళ్ల స్వాధీనం నుంచి కాదు. మామూలు కౌలుదారు ఆ ఉదాహరణ చూసి ఆశ పెట్టుకోకూడదు.

కాగితంలో ఏం రాయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. యజమాని, సాగుదారు ఇద్దరూ నిర్ణీత ఫారంలో సంతకాలు చేస్తారు. సాగుదారుకు దక్కేది ఆ కాలానికి పంట మీద హక్కు, దాని మీద వచ్చే రుణం, బీమా, పరిహారం. భూమి మీద యజమాని హక్కు చెక్కు చెదరదు. పైగా ప్రతి ఏడాది కొత్తగా పెట్టే సంతకం, "నేను యజమానిని, నా అనుమతితో ఇతను సాగు చేస్తున్నాడు" అని రెండు పక్షాలూ మళ్లీ ఒప్పుకోవడమే. పన్నెండేళ్లు వరుసగా కార్డు ఇచ్చిన యజమాని దగ్గర అనుమతికి పన్నెండు సాక్ష్యాలు ఉన్నట్టు.

కార్డు లేని చోట, తెలంగాణలో అయినా, ఇద్దరూ కలిసి కౌలు ఒప్పందం రాసుకోవచ్చు. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషన్ అవసరం కనుక 11 నెలలకు రాసుకుని ఏటా కొత్తది రాయడం ఆనవాయితీ. తగిన విలువ గల స్టాంపు కాగితం మీద రాయండి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఉండాలి. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉండాలి. కౌలు ఎంత, ఎప్పుడు చెల్లించాలి అన్నది ఉండాలి. పరిహారం, బీమా సాగుదారుకే చెందుతాయన్న మాట కౌలుదారుకు రక్షణ. "యజమాని హక్కును నేను ఒప్పుకుంటున్నాను, వారి అనుమతితోనే సాగు చేస్తున్నాను, గడువు తరువాత అప్పగిస్తాను" అన్న మాట యజమానికి రక్షణ. ఇద్దరు సాక్షుల సంతకాలతో చెరొక ప్రతి దగ్గర ఉంచుకోండి.

కౌలు సొమ్ము వీలైనంత వరకు బ్యాంకు ద్వారా చెల్లించండి. ధాన్యంగా ఇస్తే చిన్న రసీదు రాయించుకోండి. బంధువుకో, పాలేరుకో కౌలు లేకుండా పొలం వదిలేసినా సరే, అనుమతితో ఇచ్చినట్టు ఒక కాగితం రాసుకోండి. యజమాని గానీ కౌలుదారు గానీ చనిపోతే, వారసుల పేరు మీద ఆ ఏడాదే కొత్త కాగితం రాసుకోండి. పై ఉదాహరణలో 2011లో ఆ ఒక్క పని జరిగి ఉంటే 2024లో గొడవే ఉండేది కాదు.

పట్నంలో ఉండే యజమానులు ఏడాదికి ఒకసారైనా పొలం చూసి, అడంగల్ లేదా పహాణీ నకలు తీసి సాగుదారు వివరం సరిచూసుకోవాలి. పొలం తనదేనని ఎవరైనా లిఖితంగా అన్నట్టు తెలిస్తే, ఆ కాగితం తేదీతో సహా దాచుకుని వెంటనే న్యాయవాదిని కలవండి. ఖర్చు భరించలేని వారు మండల న్యాయ సేవా కమిటీని అడగవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ప్రతి కేసులో తేదీలు, కాగితాలు వేరుగా ఉంటాయి కాబట్టి, దావా వేసే ముందు మీ కాగితాలన్నీ న్యాయవాదికి చూపించండి.

ఈ ఖరీఫ్‌లో కౌలు రైతు ఫారం తెస్తే యజమాని వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. రేపు గొడవ వస్తే ఈ పొలం నా అనుమతితో ఇచ్చానని చూపడానికి నా దగ్గర ఏముంది? ఏమీ లేకపోతే ఆ ఫారం మీద సంతకం పెట్టి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.